తర్వాతి పదమే దోషమా?

కాలిక్యులేటర్ లేని కాలిక్యులస్ పరీక్షలో √e విలువ అడిగారనుకోండి. √e అంటే e^0.5. దాని ఘాత శ్రేణిలో మొదటి నాలుగు పదాలు 1, 0.5, 0.125, 0.02083. కూడితే 1.64583. ఇక్కడి వరకు దాదాపు అందరూ వస్తారు. మార్కులు పోయేది ఆ తర్వాతి ప్రశ్న దగ్గర: ఇందులో దోషం ఎంతకు మించదు?

చాలామంది వదిలేసిన మొదటి పదం, అంటే (0.5)^4/24 = 0.0026 రాసి, దోషం ఇంతకు మించదంటారు. అది తప్పు. √e అసలు విలువ 1.64872, దోషం 0.0029, అంటే వాళ్లు గీసిన హద్దు దాటేసింది. వదిలేసిన పదాలన్నీ ధనాత్మకాలే కాబట్టి అవన్నీ ఒకదానిపై ఒకటి చేరుతూనే ఉంటాయి. గుర్తులు మారుతూ, పదాలు తగ్గుతూ సున్నాకు చేరే శ్రేణికే ఆ సులువు సూత్రం చెల్లుతుంది. e^(-0.5)కి అదే పని చేస్తే దోషం 0.0024 మాత్రమే, హద్దులోనే ఉంటుంది.

మరి √eకి దారేది? లగ్రాంజ్ శేషం. వదిలేసిన మొదటి పదాన్ని M తో గుణించాలి. 0 నుంచి 0.5 వరకు నాలుగో అవకలజం దాటని సంఖ్యే M. e^xకి ఎన్నో అవకలజమైనా అదే e^x. కానీ √eనే Mగా వాడలేం, మనం వెతుకుతున్నదే అది! e < 4 కాబట్టి √e < 2. M = 2 తీసుకుంటే హద్దు 0.0053. అసలు దోషం కంటే ఎక్కువే, అయినా సరైన జవాబే. జవాబు పత్రంలో M ఎందుకు 2 అయిందో ఒక్క వాక్యం తప్పక రాయండి.