గట్టు వంగిందా, లెన్సు వంచిందా?

మిరప చేను మీద 10 మీటర్ల ఎత్తున డ్రోన్ నిలిచింది. నిటారుగా కిందికి చూస్తున్న కెమెరాకు ఫ్రేమ్ అంచున తెగులు సోకిన మొక్క ఒకటి కనిపించింది. డ్రోన్‌కు సరిగ్గా కిందనున్న చోటి నుంచి ఆ మొక్క 6 మీటర్ల దూరంలో ఉంది. కంప్యూటర్ మాత్రం 5.56 మీటర్లంటుంది. మొక్కను గుర్తించడంలో పొరపాటేమీ లేదు. తప్పంతా లెన్సుది.

640×480 పిక్సెళ్ల చిత్రం, 500 పిక్సెళ్ల ఫోకల్ లెంగ్త్ అనుకుందాం. ఆ ఎత్తులో ఒక్కో పిక్సెల్ నేల మీద 2 సెంటీమీటర్లకు సమానం. అంటే మొక్క చిత్రం మధ్య నుంచి 300వ పిక్సెల్ దగ్గర పడాలి. వెడల్పుగా చూసే లెన్సు అంచుల్ని లోపలికి లాగుతుంది కాబట్టి 278 దగ్గర పడింది. అదే లెన్సు ఒక మీటరు దూరంలో చేసే తప్పు 2 మిల్లీమీటర్లే! దూరం రెట్టింపైతే తప్పు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే ఫ్రేమ్ మధ్యలో పరీక్షించి చూసుకున్నవాళ్లకు అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది.

ఈ లాగుడు ఎంతో తేల్చడమే కాలిబ్రేషన్. ఝెంగ్‌యూ ఝాంగ్ 2000లో ప్రచురించిన పద్ధతి దీన్ని సులువు చేసింది: చదరంగం గళ్లు ముద్రించిన కాగితాన్ని గాజు పలకకు అతికించి, రకరకాలుగా వంచి పట్టుకుని ఇరవై ముప్ఫై ఫొటోలు తీస్తే చాలు. గడి కొలత తప్పు రాసినా లెన్సు లెక్క చెడదు, బోర్డు ఎంత దూరంలో ఉందన్నదే తప్పుతుంది. కాగితం ఉబ్బితే మాత్రం ఆ ఉబ్బును కూడా లెన్సు ఖాతాలోనే రాసేస్తుంది.

చివర్లో ఓపెన్‌సీవీ సగటు తప్పును పిక్సెళ్లలో చూపిస్తుంది. 0.3 అని కనబడగానే సంబరపడొద్దు. బోర్డును మధ్యలోనే పట్టుకుని తీసినా ఆ అంకె చక్కగానే వస్తుంది, మూలల గురించి అది ఏమీ చెప్పదు. నా మటుకు అంకె కన్నా గట్టే మంచి సాక్షి. తిన్నని గట్టునో గోడ అంచునో ఫ్రేమ్ చివరికి తెచ్చి, సరిచేసిన చిత్రంలో దాని మీద స్కేలు పెట్టి చూడాలి. వంపు కనబడితే బోర్డును మూలలకు తీసుకెళ్లి మళ్లీ ఫొటోలు తీయాలి.

ఎగిరేటప్పుడు ప్రతి ఫ్రేమ్‌నూ సరిచేస్తే డ్రోన్‌లోని చిన్న కంప్యూటర్ తట్టుకోకపోవచ్చు. మొక్క ఉన్న బిందువును మాత్రం సరిచేస్తే సరిపోతుంది:

```
pts = cv2.undistortPoints(pts, K, dist, P=K)
```

చివరి `P=K` మరిస్తే జవాబు పిక్సెళ్లలో రాదు, చిత్రం మధ్య నుంచి 300 పిక్సెళ్ల దూరంలోని బిందువుకు బదులు 0.6 వస్తుంది.

వీడియో స్టెబిలైజేషన్ ఫ్రేమ్‌ను కత్తిరిస్తూ జరుపుతుంటుంది కనుక దాన్ని ఆపేయాలి. ఆటోఫోకస్ కూడా అంతే. ఫోకస్ రింగు కదిలిందంటే పాత కాలిబ్రేషన్ ఫైలును నమ్మొద్దు, బోర్డు మళ్లీ బయటికి తీయండి.