వెల్లకిలా నిద్ర, బోర్లా ఆట

మూడో నెల బిడ్డకు నీళ్లు పోస్తున్నప్పుడు అమ్మమ్మ చేతికే ముందు తెలుస్తుంది, తల వెనక కుడిపక్క సొట్టగా ఉందని. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరికి తోచిన సలహా వాళ్లు చెబుతారు. బోర్లా పడుకోబెట్టమని ఒకరు, ఆవాల దిండు కుట్టించమని ఇంకొకరు, నూనె రాసి చేత్తో నొక్కి సరిచేయమని మరొకరు. తల్లికేమో డాక్టరు చెప్పింది గుర్తుంటుంది: నిద్ర ఎప్పుడూ వెల్లకిలానే.

డాక్టరు మాటే సరైనది. నిద్రలో ఉన్నట్టుండి పసివాళ్లు చనిపోయే ఘటనల్లో బోర్లా నిద్ర ముఖ్యమైన ప్రమాదకారణమని 1980ల చివరికి స్పష్టమైంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1992లో బోర్లా పడుకోబెట్టవద్దని సూచించింది, 1994లో అక్కడ దేశమంతటా ప్రచారం మొదలైంది. తర్వాతి పదేళ్లలో ఆ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. అదే కాలంలో తల వెనక చదునైన పిల్లలు ఆసుపత్రులకు ఎక్కువగా రావడం కూడా డాక్టర్లు గమనించారు. ప్రాణాపాయం తగ్గించిన అలవాటు తల ఆకారానికి చిన్న చిక్కు తెచ్చింది. దానికి విరుగుడు నిద్రను మార్చడంలో లేదు, మెలకువ వేళను మార్చడంలో ఉంది.

సొట్ట ఎలా వస్తుందో తెలిస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. పుట్టినప్పుడు తల ఎముకలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉండవు, వాటి మధ్య మెత్తని అతుకులు ఉంటాయి. లోపల మెదడు వేగంగా పెరుగుతూ ఎముకల్ని బయటికి నెడుతుంటుంది. పుట్టినప్పుడు సుమారు 35 సెంటీమీటర్లు ఉండే తల చుట్టుకొలత మొదటి మూడు నెలల్లో నెలకు దాదాపు 2 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది. పరుపుకు ఆనిన చోట పెరగడానికి వీలుండదు కాబట్టి తల మిగతా వైపులకు పెరుగుతుంది. అంటే అక్కడ ఎముక లోపలికి కుంగడం లేదు, పెరుగుదలకు దారి దొరకడం లేదు, అంతే. ఆ చోటి మీద బరువు తీసేస్తే, పెరిగే తల తనంతట తానే గుండ్రపడుతుంది. చేత్తో నొక్కాల్సిన పని లేదు. దిండు అసలే వద్దు. ఆవాలదైనా, గుంట ఉన్నదైనా, ఏడాది లోపు బిడ్డ ముక్కుకు నోటికి అడ్డుపడే వస్తువే అది.

ఒక ఇంటి సంగతి ఊహించుకుందాం. మంచం గోడ పక్కన ఉంది. వెల్లకిలా పడుకున్న బిడ్డకు ఎడమవైపు గోడ, కుడివైపు అమ్మ. వెలుతురు, తలుపు, మనుషుల మాటలు అన్నీ కుడివైపే. బిడ్డ మెడ ఇంకా నిలవలేదు, అయినా చూపు అటే పోతుంది, తల అటే వాలుతుంది. రాత్రంతా, పగటి కునుకుల్లో కూడా బరువు తల వెనక కుడిపక్కనే పడుతుంది. ఆరో వారానికి అక్కడ చదును మొదలవుతుంది. చదునైన చోట పరుపు మీద తల ఇంకా స్థిరంగా ఆనుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ అటే వాలుతుంది.

స్నానం చేయించాక, జుట్టు తడిగా ఉన్నప్పుడు, బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టి మెడకు చెయ్యి ఆనించి పైనుంచి చూడండి. పడక వల్ల వచ్చిన సొట్ట అయితే చదునైన వైపు చెవి రెండో చెవి కన్నా కాస్త ముందుకు జరిగినట్టు, అటువైపు నుదురు కూడా ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. పుట్టినప్పుడు గుండ్రంగా ఉండి తర్వాత ఇలా మారడం కూడా దీని గుర్తే. నెలకోసారి ఇలా పైనుంచి ఫోటో తీసి పెట్టుకుంటే మార్పు స్పష్టంగా తెలుస్తుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో చేయాల్సింది చూద్దాం. మొదటిది పడక. వెల్లకిలానే పడుకోబెట్టి, నిన్న కాళ్లున్న వైపు ఈ రోజు తల పెట్టాలి. అప్పుడు అమ్మ ఎడమవైపుకు వస్తుంది, బిడ్డ అటు తిరుగుతుంది. గాఢనిద్రలో ఉన్నప్పుడు మెల్లగా తలను రెండోవైపుకు తిప్పవచ్చు. ఎత్తుకునే చేతిని మార్చాలి. కారు సీటులో ప్రయాణం వరకే ఉంచాలి. చీర ఉయ్యాలలో తల కదలదు, గడ్డం ఛాతీకి ఆనుతుంది కాబట్టి నిద్రకు గట్టి, చదునైన పరుపే మంచిది.

రెండోది బోర్లా ఆట. మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవాళ్లు పక్కనే కూర్చుని, బిడ్డను పొట్ట మీద పడుకోబెట్టడమే ఇది. మన అమ్మమ్మలు కాళ్లు చాపుకుని బిడ్డను వాటి మీద బోర్లా వేసి వీపుకు నీళ్లు పోయడంలో ఈ పని కొంత ఎప్పుడూ ఉంది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు నుంచే మొదలుపెట్టవచ్చు. తొలి వారాల్లో అమ్మో నాన్నో వెనక్కి వాలి కూర్చుని ఛాతీ మీద పడుకోబెట్టుకుంటే, వాళ్ల ముఖం చూడ్డానికే బిడ్డ తల ఎత్తుతుంది. తర్వాత నేల మీద చాపపై దుప్పటి పరిచి, మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. పాలు తాగిన వెంటనే వద్దు, కక్కుకుంటుంది. గుడ్డలు మార్చాక వేయడం అలవాటు చేసుకుంటే మరచిపోరు. నిమిషానికే ఏడ్చే బిడ్డకు చిన్న తువ్వాలు చుట్టి ఛాతీ కింద పెట్టి, చేతులు దానికి ముందుకు ఉంచండి. మీరూ ఎదురుగా పడుకుని మాట్లాడండి. తల వాలిపోయి ముక్కు నేలకు ఆనుతుంటే అలసిపోయినట్టే, ఎత్తుకోండి. నిద్రపోతే వెంటనే వెల్లకిలా తిప్పండి. ఇంకా పాకని బిడ్డకు ఇలా రోజు మొత్తంలో అరగంటైనా అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. దీనివల్ల ఆ కాసేపు తల వెనక బరువు తగ్గడమే కాదు, మెడకు బలం వస్తుంది. మెడ నిలిచిన బిడ్డ నిద్రలోనూ తలను తానే అటూ ఇటూ తిప్పుకుంటుంది.

ఇవన్నీ చేసినా బిడ్డ ఎడమకు తిరగకపోతే మెడను చూడాలి. వెల్లకిలా ఉన్నప్పుడు గిలక్కాయను కుడి నుంచి ఎడమకు జరపండి. కళ్లు వస్తాయి కానీ గడ్డం మధ్యలోనే ఆగిపోతే, తల ఎడమ భుజం వైపు వంగి ముఖం కుడికి తిరిగే ఉంటే, మెడలో ఎడమవైపు కండరం బిగుసుకుని ఉండొచ్చు. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు దాన్ని సాగదీసే పద్ధతి నేర్పుతారు. ఇంట్లో బలవంతంగా మెడ తిప్పకూడదు.

వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. చదునైన వైపు చెవి ముందుకు కాక వెనక్కి లాగినట్టు ఉండటం, ఎముకల అతుకు వెంట గట్టి గట్టులా తగలడం, పుట్టుకతోనే తల వంకరగా ఉండి నెలనెలా పెరగడం, తల చుట్టుకొలత సరిగా పెరగకపోవడం. ఇవి అతుకు ముందే మూసుకుపోయిందనడానికి సూచనలు కావచ్చు. ఇది అరుదు, కానీ దీనికి శస్త్రచికిత్స అవసరం కావచ్చు, ఆలస్యం చేయకూడదు.

పడక వల్ల వచ్చిన చదును సాధారణంగా నాలుగో నెల దగ్గర ఎక్కువగా కనిపించి, బిడ్డ బోర్లాపడి, కూర్చోవడం మొదలుపెట్టాక తగ్గుతూ వస్తుంది. దీనివల్ల మెదడు ఎదగడానికి చోటు తగ్గదు. తలకు తొడిగే హెల్మెట్ల గురించి కూడా అడుగుతుంటారు. ఐదారు నెలల పిల్లలతో నెదర్లాండ్స్‌లో జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో, హెల్మెట్ పెట్టినవాళ్లలోనూ పెట్టనివాళ్లలోనూ రెండేళ్ల వయసుకు పూర్తిగా సరైనవాళ్లు దాదాపు సమానం, నాలుగో వంతు చొప్పున. చాలామందిలో కొద్దిపాటి చదును మిగిలింది. మెడ కండరం బిగుసుకున్న పిల్లల్ని, సొట్ట మరీ తీవ్రంగా ఉన్నవాళ్లని అందులో చేర్చలేదు కాబట్టి అలాంటి బిడ్డల విషయం నిపుణుడే తేల్చాలి.

తల పెరుగుదల ఆరో నెల తర్వాత బాగా నెమ్మదిస్తుంది. అందుకే సొట్ట కనిపించాక ఎదురుచూడటం కన్నా, కనిపించకముందే మొదటి వారం నుంచి పడక వైపు మార్చడం, బోర్లా ఆడించడం మేలు. బిడ్డ తనంతట తాను అటూ ఇటూ తేలిగ్గా దొర్లడం నేర్చాక నిద్రలో బోర్లాపడితే తిప్పక్కర్లేదు. పడుకోబెట్టేటప్పుడు మాత్రం ఏడాది నిండేదాకా వెల్లకిలానే.