ఇత్తడి గిన్నెకు లోపల తగరం ఎందుకు?

"దాంట్లో పులుసు పెట్టకే తల్లీ, కళాయి పోయింది."

అటక మీంచి దింపిన ఇత్తడి గిన్నెను తళతళలాడేలా తోమిన మనవరాలికి ఆ మాట అంతుపట్టలేదు. "ఇంతలా మెరుస్తుంటే ఏం పోయింది అమ్మమ్మా?"

"లోపల మెరవకూడదనే చెబుతున్నా. బయట బంగారంలా ఉన్నా, లోపల వెండిలా ఉండాలి."

అమ్మమ్మ గిన్నెను వెలుతురుకి వంచి చూపించింది. అంచు కింద, గరిటె అంతగా తగలని చోట తెల్లటి పూత ఇంకా ఉంది. అడుగున మాత్రం అరిగిపోయి ఇత్తడి బయటపడింది. ఆ తెల్లటి పూతే కళాయి. అది తగరం.

చెబితే వినే మనిషి కాదని, గిన్నెలో సగం దాకా చింతపండు నీళ్లు పోసి రాత్రంతా వదిలేసింది. పొద్దున చూస్తే నీటిమట్టం వెంట కళాయి లేనిచోటల్లా ఆకుపచ్చ గీత.

"చూశావా, చిలుము. దీనితో అన్నం తింటే కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి."

"గీత నీళ్ల అంచునే ఎందుకు పడింది?"

అమ్మమ్మకు అనుభవం తెలుసు గానీ కారణం రసాయన శాస్త్రంలో ఉంది. పులుపు ఒక్కటే రాగిని అంతగా కరిగించలేదు. దానికి గాలిలోని ఆక్సిజన్ తోడు కావాలి. నీరు, గాలి, లోహం మూడూ కలిసే చోటు ఆ అంచే. రాగిలో జింకు కలిపితే వచ్చేది ఇత్తడి కాబట్టి దానికీ ఇదే తిప్పలు. వండిన వెంటనే తీసేసిన కూర కన్నా, రాత్రంతా గిన్నెలో ఉండిపోయిన పులుసు, మజ్జిగ, నిమ్మకాయ పచ్చడి ఎక్కువ ప్రమాదం అయ్యేదీ అందుకే. మంచినీళ్లకు ఇంత పులుపు ఉండదు కాబట్టి రాగి బిందెకు లోపల కళాయి వేయించరు.

తగరం కూడా పులుపుకు కాస్త కరుగుతుంది. అయితే అది చాలా తక్కువ, ఆ కొంచెాన్నీ మన ఒళ్లు పెద్దగా పీల్చుకోదు. అందుకే రాగికీ పులుసుకీ మధ్య దాన్ని అడ్డం పెట్టారు. సరిగా కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో వండినా, నిల్వ చేసినా ఆ ఆహారం తినడానికి పనికిరాదని 2011 నాటి మన ఆహార భద్రతా నిబంధనలు కూడా చెప్పాయి.

గిన్నెను కళాయి వేసే అతని దగ్గరకు తీసుకెళ్లారు. అతను ముందు లోపలి మురికిని, చిలుమును ఇసుకతో రుద్ది పూర్తిగా వదలగొట్టాడు. జిడ్డు మరక ఒక్కటి మిగిలినా అక్కడ తగరం అంటదు. తర్వాత బొగ్గుల మీద గిన్నెను తిప్పుతూ కాల్చి, చిటికెడు నవాసారం చల్లాడు. ముక్కుపుటాలు అదిరేలా తెల్లటి పొగ లేచింది. వేడికి లోహం మీద ఏర్పడే పొరను నవాసారం తినేస్తుంది. వెంటనే తగరపు కడ్డీని తాకిస్తే అది కరిగి జారింది. దూది ఉండతో ఒక్క తిప్పు తిప్పేసరికి గిన్నె లోపలంతా తెల్లబడింది.

కడ్డీ తాకించక ముందే అమ్మమ్మ దాన్ని అడిగి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని వంచింది. సన్నగా కరకరమంది. మంచి తగరం వంగేటప్పుడు అలా చప్పుడు చేస్తుంది. చవగ్గా వస్తుందని సీసం ఎక్కువగా కలిపితే ఆ చప్పుడు తగ్గిపోతుంది, కాగితం మీద గీస్తే నల్లటి చార పడుతుంది. చప్పుడు వచ్చినంత మాత్రాన సీసం బొత్తిగా లేదని చెప్పలేం. కొద్దిగా కలిస్తే చెవికి దొరకదు. చిలుము కంటికి కనిపించి హెచ్చరిస్తుంది, సీసం అలా కనిపించదు. పైగా పిల్లల మెదడుకు చేటు. కాబట్టి కళాయికి వాడేది ఆహార పాత్రలకు పనికొచ్చే స్వచ్ఛమైన తగరమేనా అని అడిగి మరీ వేయించుకోవాలి.

"ఇక దీంట్లోనే పోపు కూడా పెట్టేస్తాను" అంది మనవరాలు.

"వద్దు. పోపు ఇనప గరిటెలో పెట్టి ఇందులో పొయ్యి."

తగరం 232 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. గిన్నెలో నీళ్లుంటే వేడి నూరు డిగ్రీల చుట్టుపక్కలే ఆగుతుంది. ఖాళీ గిన్నెను మంట మీద మరిచిపోతే మాత్రం కాసేపట్లోనే కళాయి చెమటలా బొట్లుకట్టి అడుగున పేరుకుంటుంది. ఇనప పీచుతో తోమినా పూత త్వరగా గీరుకుపోతుంది. మెత్తటి గుడ్డ, సబ్బునీళ్లు చాలు.

పూత నల్లబడితే కంగారు పడక్కర్లేదు, వాడకంలో రంగు మారడం మామూలే. చూడాల్సింది అడుగున లోహం రంగు బయటపడిందా అన్నదే. రాగి గిన్నెలో ఎరుపు, ఇత్తడి గిన్నెలో పసుపు కనబడితే మళ్లీ కళాయి వేయించే దాకా ఆ గిన్నెలో చారు పెట్టకూడదు.