ఆడిటర్ ‘ఇప్పుడు ఖాళీ లేదు’ అన్నారా? అక్కడితో అయిపోలేదు!

సీఏ ఇంటర్ పాసై, ఆర్టికల్‌షిప్ కోసం విజయవాడ వన్ టౌన్‌లో ఓ ఆడిటర్‌ని కలిశారు. ‘ఇప్పుడు ఖాళీ లేదు బాబూ’ అన్నారు. అంటే మీరు నచ్చలేదనేనా? కాకపోవచ్చు. ఒక సీఏ ఎంతమందిని తీసుకోవచ్చో ఐసీఏఐ రూల్సే పరిమితి పెట్టాయి. పాతవాళ్ల ట్రైనింగ్ పూర్తయితేనే సీటు ఖాళీ అవుతుంది.

అందుకే బతిమాలొద్దు. ‘పర్లేదు సార్, టైమ్ ఇచ్చినందుకు థ్యాంక్స్. సీటు ఎప్పుడు ఖాళీ అవుతుంది? అప్పుడు మెసేజ్ పెట్టొచ్చా?’ అని అడిగితే చాలు. సరేనంటే ఆ నెల రాసి పెట్టుకోండి.

అసలు రిప్లై రాలేదా? సెప్టెంబర్, అక్టోబర్‌లో ట్యాక్స్ ఆడిట్ గడువులతో ఆఫీసుల్లో ఊపిరాడదు. పది రోజులాగి ఒక్క మెసేజ్ పెట్టండి. అప్పుడూ మౌనమే అయితే ఇంకో ఆఫీసు చూసుకోండి. బ్లూ టిక్ చూసి వరుసగా ఫోన్లు చేస్తే, రేపు వచ్చే సీటు కూడా పోతుంది.