వర్షాధార వేరుశనగ దిగుబడి ప్రతిగమనంలో విషమ విస్తృతి, స్వయం సహసంబంధం: గుర్తింపు, దృఢ ప్రామాణిక దోషాల ఎంపిక

ప్రతిగమన విశ్లేషణ ఫలితాల పట్టికలో గుణకం పక్కన కనిపించే నక్షత్రపు గుర్తు ఆ గుణకం సార్థకమైనదని సూచిస్తుంది. గుణకాన్ని దాని ప్రామాణిక దోషంతో భాగించగా వచ్చే టి-విలువను బట్టి ఈ గుర్తును ఇస్తారు. కనిష్ఠ వర్గాల పద్ధతిలో ప్రామాణిక దోషాన్ని లెక్కించే సాధారణ సూత్రం రెండు ప్రమేయాలపై నిలుస్తుంది. మొదటిది, దోష పదాల విస్తృతి పరిశీలనలన్నింటిలో ఒకే విధంగా ఉండటం. రెండవది, ఒక పరిశీలనలోని దోషానికి మరొక పరిశీలనలోని దోషంతో సంబంధం లేకపోవడం. మొదటి ప్రమేయం విఫలమైతే ఆ స్థితిని విషమ విస్తృతి లేదా హెటిరోస్కెడాస్టిసిటీ అంటారు. రెండవది విఫలమైతే స్వయం సహసంబంధం లేదా ఆటోకోరిలేషన్ అంటారు. స్వతంత్ర చలరాశులకు దోష పదంతో సంబంధం లేనంతవరకు ఈ రెండు స్థితులలోనూ గుణకం పక్షపాతానికి లోనుకాదు. దెబ్బతినేది ప్రామాణిక దోషం. అందువల్ల అర్హత లేని గుణకానికి నక్షత్రం దక్కవచ్చు, అర్హత ఉన్నదానికి దక్కకపోవచ్చు.

ఈ విషయాన్ని ఒక ప్రాజెక్టు ద్వారా పరిశీలించవచ్చు. అనంతపురం జిల్లాలో ఖరీఫ్ వేరుశనగ ప్రధానంగా వర్షాధారంగా సాగవుతుంది. అక్కడ చాలాకాలం సాగులో ఉన్న టి.ఎం.వి.-2 స్థానంలోకి కదిరి-6 వంటి రకాలు వచ్చాయి. 40 సంవత్సరాల జిల్లా సగటు దిగుబడిని (హెక్టారుకు కిలోలు) ఆధారిత చలరాశిగా తీసుకొని, జూన్–సెప్టెంబరు వర్షపాతం, కొత్త రకాల కింద ఉన్న విస్తీర్ణపు వాటా, కాల ధోరణి అనే మూడు స్వతంత్ర చలరాశులతో ప్రతిగమనం చేశారని అనుకొందాం. కొత్త రకాల వాటా గుణకానికి సాధారణ సూత్రం ప్రకారం టి-విలువ 2.6 వచ్చిందనుకొందాం. స్వాతంత్ర్య పరిమాణం 36కు 5 శాతం స్థాయిలో సందిగ్ధ విలువ సుమారు 2.03 కాబట్టి ఫలితం సార్థకంగా కనిపిస్తుంది. ఇక్కడ ఇచ్చిన అంకెలు పద్ధతిని చూపడానికి ఊహించినవి మాత్రమే, ఏ రకం పనితీరుకూ కొలమానం కావు.

పరీక్షలకు ముందుగా అవశేషాలను రెండు పటాలుగా గీయాలి. ఒకటి సంవత్సరాల వరుసలో, మరొకటి వర్షపాతానికి ఎదురుగా. వర్షపాతం పటంలో అవశేషాలు మధ్యలో పైకి, రెండు చివర్లా కిందికి వంగి ఉంటే అది విస్తృతి సమస్య కాదు. అతివృష్టి కూడా దిగుబడిని తగ్గిస్తుందన్న విషయం నమూనాలో లేదని అర్థం. అప్పుడు వర్షపాతపు వర్గ పదాన్ని చేర్చాలి. అదేవిధంగా కాల ధోరణిని వదిలివేసిన నమూనాలో తొలి సంవత్సరాల అవశేషాలు వరుసగా రుణాత్మకంగానూ, చివరివి వరుసగా ధనాత్మకంగానూ వస్తాయి. పరీక్ష దానిని స్వయం సహసంబంధంగా చూపుతుంది. వదిలివేసిన చలరాశి వల్ల గుణకమే తప్పుగా వచ్చిన చోట ప్రామాణిక దోషాన్ని సరిచేస్తే తప్పు గుణకానికి సరైన దోషాన్ని జతచేసినట్లవుతుంది. నమూనా రూపం సరిచేసిన తరువాత మిగిలిన లక్షణాలకే దృఢ ప్రామాణిక దోషాలు వర్తిస్తాయి.

విషమ విస్తృతి ఈ పంటలో సహజంగానే ఎదురుకావచ్చు. తీవ్ర వర్షాభావ సంవత్సరాలలో దిగుబడి కింది స్థాయిలోనే ఉండిపోతుంది, అంతకన్నా పడిపోవడానికి చోటుండదు. వర్షం బాగా కురిసిన సంవత్సరాలలో వర్షపు పంపిణీ, ఆకుమచ్చ తెగులు, కోత సమయపు వానలు వంటి కారణాల వల్ల దిగుబడి విస్తారంగా మారవచ్చు. దీనిని గుర్తించడానికి బ్రూష్–పేగన్ పరీక్షలో అవశేషాల వర్గాలను స్వతంత్ర చలరాశులపై ప్రతిగమనం చేస్తారు. ఆ సహాయక ప్రతిగమనపు R²ను 40తో గుణిస్తే పరీక్షా విలువ వస్తుంది. దీనిని స్వాతంత్ర్య పరిమాణం 3 గల కై-వర్గ విభాజనంతో పోల్చాలి. 5 శాతం స్థాయిలో సందిగ్ధ విలువ 7.81. అయితే 40 పరిశీలనలకు ఈ పరీక్ష శక్తి తక్కువ. పి-విలువ 0.12 వచ్చినంత మాత్రాన విస్తృతి సమానంగా ఉందని రుజువైనట్లు కాదు. లాగరిథమ్ తీసుకుంటే సమస్య తీరుతుందన్న భావన కూడా ఇక్కడ నిలవకపోవచ్చు. సున్నాకు చేరువైన కరువు సంవత్సరపు దిగుబడులు లాగరిథమ్‌లో విపరీతంగా కిందికి జారి, విస్తృతి ఈసారి తక్కువ వర్షపాతం వైపు పెరిగే అవకాశం ఉంది.

స్వయం సహసంబంధానికి వస్తే, డర్బిన్–వాట్సన్ విలువ సుమారు 2(1 − ρ)కు సమానం. ఇందులో ρ అంటే ఒక సంవత్సరపు అవశేషానికి దాని ముందు సంవత్సరపు అవశేషంతో ఉన్న సహసంబంధం. ఈ ప్రాజెక్టులో ఆ విలువ 0.8 వచ్చిందనుకొంటే ρ సుమారు 0.6. 40 పరిశీలనలు, 3 చలరాశులకు 5 శాతం స్థాయిలో దిగువ హద్దు 1.34 కాబట్టి ధనాత్మక స్వయం సహసంబంధం స్పష్టం. ఈ పరీక్ష పక్క సంవత్సరాల సంబంధాన్ని మాత్రమే చూస్తుంది. రెండు మూడేళ్ల వెనుకటి సంబంధాన్ని కూడా చూడాలంటే బ్రూష్–గాడ్‌ఫ్రే పరీక్షను వాడాలి.

ఇంతవరకు పరీక్షలు దోష పదాల గురించి మాత్రమే చెప్పాయి. ప్రామాణిక దోషం ఎంత తప్పుతుందన్నది దోషం ఒక్కదానిపై కాక, స్వతంత్ర చలరాశి, దోషం రెండింటి లబ్ధంపై ఆధారపడుతుంది. చలరాశిలో, మిగతా చలరాశుల ప్రభావం తీసివేయగా మిగిలిన భాగపు స్వయం సహసంబంధం r అనుకొందాం. అది, దోషం రెండూ ఒక్క సంవత్సరపు వెనుకటి విలువతోనే ముడిపడి ఉంటే, పెద్ద నమూనాలలో గుణకపు విస్తృతి సాధారణ సూత్రం చెప్పినదానికి సుమారు ఇన్ని రెట్లుగా ఉంటుంది:

(1 + ρr) / (1 − ρr)

ఒక ఏటి వర్షపాతానికి మరుసటి ఏటి వర్షపాతంతో సంబంధం స్వల్పం. r = 0.1 అనుకొంటే నిష్పత్తి 1.06/0.94, అంటే 1.13. దాని వర్గమూలం 1.06 కాబట్టి వర్షపాతపు ప్రామాణిక దోషంలో లోటు 6 శాతమే. కొత్త రకాల వాటా అలాంటిది కాదు. రైతులు విత్తనాన్ని ఏడాదిలో కాక క్రమంగా మార్చుకుంటారు. దానికి r = 0.8 అనుకొంటే నిష్పత్తి 1.48/0.52, అంటే 2.85. వర్గమూలం 1.69. టి-విలువ 2.6 కాస్తా 1.54కు దిగుతుంది. ఒకే ప్రతిగమనంలో, ఒకే డర్బిన్–వాట్సన్ విలువ కింద, వర్షపాతంపై నిర్ధారణ దాదాపు చెక్కుచెదరదు, కొత్త రకాలపై నిర్ధారణ మాత్రం నిలవదు. విస్తరణ సిఫారసుకు ఆధారమయ్యేది రెండవదే.

దృఢ ప్రామాణిక దోషాల ఎంపిక దీనిని అనుసరించి ఉండాలి. వైట్ 1980లో ప్రతిపాదించిన పద్ధతి, దాని నుంచి చిన్న నమూనాలకు మెరుగుపరచిన HC3, విషమ విస్తృతిని మాత్రమే పరిగణిస్తాయి. HC3 ప్రతి అవశేషాన్నీ (1 − h)తో భాగించి వాడుతుంది. h అంటే ఆ పరిశీలన ప్రతిగమన రేఖను తనవైపు లాక్కునే బలం. అతివృష్టి సంవత్సరంలో h = 0.3, అవశేషం 150 కిలోలు అయితే దానిని 214 కిలోలుగా లెక్కిస్తుంది. ఒక ఏడాది రైతుల సర్వేలో, పరిశీలనలు పరస్పరం స్వతంత్రమైనప్పుడు ఇది తగిన ఎంపిక. కాల శ్రేణికి ఇది చాలదు. 1987 నాటి న్యూవీ–వెస్ట్ పద్ధతి రెండు సమస్యలనూ కలిపి చూస్తుంది. అయితే అందులో ఎన్ని వెనుకటి సంవత్సరాలను, అంటే లాగ్‌లను, చేర్చాలో నిర్ణయించాలి.

వాడుకలో ఉన్న 4(n/100)^(2/9) నియమం 40 సంవత్సరాలకు 3.26 ఇస్తుంది, దానిని 3గా తీసుకుంటారు. ఈ పద్ధతి దూరపు లాగ్‌లకు భారం తగ్గిస్తూ పోతుంది. లాగ్ 3 అయినప్పుడు భారాలు 0.75, 0.50, 0.25. పై ఉదాహరణలోని విలువలతో లెక్కిస్తే ప్రామాణిక దోషం 1.42 రెట్లకే చేరి, టి-విలువ 1.84 వస్తుంది. 10 శాతం స్థాయి సందిగ్ధ విలువ 1.69 కనుక ఒక నక్షత్రం మిగులుతుంది. లాగ్ 8 అయితే 1.57 రెట్లు, టి-విలువ 1.66. నక్షత్రం పోతుంది. అసలు ఉండవలసినది 1.69 రెట్లు. అంటే లాగ్ తక్కువైతే న్యూవీ–వెస్ట్ సమస్యలో కొంత భాగాన్నే సరిచేస్తుంది. చలరాశి నెమ్మదిగా మారేదైతే ఎక్కువ లాగ్‌తో కూడా లెక్కించి చూడాలి. మరీ పెంచితే అంచనాయే అస్థిరమవుతుంది. కాబట్టి 3, 5, 8 లాగ్‌ల ఫలితాలను పక్కపక్కన ఇవ్వడం, నక్షత్రం వచ్చే లాగ్‌ను ఏరుకోకపోవడం సరైన మార్గం.

ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పని ఇలా చేయవచ్చు:

```r
library(lmtest); library(sandwich)
m <- lm(yield ~ rain + share + year, data = d)
bptest(m)
bgtest(m, order = 3)
coeftest(m, vcov = NeweyWest(m, lag = 8,
         prewhite = FALSE, adjust = TRUE))
```

ఇందులో `prewhite = FALSE` అని రాయకపోతే సాఫ్ట్‌వేర్ తనంతట తాను మరొక సవరణ చేస్తుంది. అప్పుడు ఫలితం పైన వివరించిన లెక్కతో సరిపోలదు.

ఈ పద్ధతి వర్తించని ముఖ్యమైన సందర్భం ఒకటుంది. విస్తీర్ణ ప్రతిస్పందన అధ్యయనాలలో విరివిగా వాడే నెర్లోవ్ నమూనాలో గత సంవత్సరపు విస్తీర్ణమే ఒక స్వతంత్ర చలరాశి. అక్కడ దోష పదంలో స్వయం సహసంబంధం ఉంటే ఆ చలరాశికి దోషంతో సంబంధం ఏర్పడి, గుణకమే పక్షపాతానికి లోనవుతుంది. పరిశీలనల సంఖ్యను పెంచినా అది తొలగదు. న్యూవీ–వెస్ట్ దానిని సరిచేయలేదు. డర్బిన్–వాట్సన్ విలువ కూడా 2 వైపు జరిగి సమస్యను దాచిపెడుతుంది. అక్కడ బ్రూష్–గాడ్‌ఫ్రే పరీక్షనే వాడాలి. సంబంధం బయటపడితే మరిన్ని వెనుకటి పదాలను చేర్చి నమూనాను మార్చాలి.

ప్రాజెక్టు నివేదికలో సాధారణ, దృఢ ప్రామాణిక దోషాలను రెండింటినీ చూపి, వాడిన పద్ధతి, లాగ్ సంఖ్య, పరీక్షల పి-విలువలు పట్టిక కింద పేర్కొనాలి. కాల శ్రేణికి న్యూవీ–వెస్ట్ వాడాలన్న నిర్ణయం పరీక్ష ఫలితం చూశాక కాక, దత్తాంశం స్వభావాన్ని బట్టి ముందే తీసుకోవాలి. రెండు ప్రామాణిక దోషాల మధ్య వ్యత్యాసం చాలా ఎక్కువగా కనిపిస్తే మళ్లీ అవశేషాల పటాల వద్దకు వెళ్లి, నమూనాలో వదిలివేసిన చలరాశి ఏదైనా ఉందేమో చూడాలి. ఈ ఉదాహరణలో కొత్త రకాల ప్రభావం లేదని తేలలేదు. జిల్లా సగటుల 40 సంవత్సరాల శ్రేణి ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి చాలదని తేలింది. దానికి క్షేత్ర ప్రయోగాల ఫలితాలను గానీ, రకాల వాటా వేర్వేరు వేగాలతో మారిన మండలాల దత్తాంశాన్ని గానీ ఆశ్రయించవలసి ఉంటుంది.