పంపినవి 130, చేరినవి సున్నా

ఒకాయన శంషాబాద్‌లో విమానమెక్కి మధ్యలో ఒకచోట మారి డాలస్‌లో దిగాడనుకుందాం. దాదాపు రోజంతా ఆయన ఆండ్రాయిడ్ ఫోన్ కట్టేసే ఉంది. ఈలోగా ఆఫీసు చాటింగ్ యాప్ ఆ ఫోన్‌కి 130 నోటిఫికేషన్లు పంపింది. దిగాక ఫోన్ ఆన్ చేస్తే 130 మోగవు, చివరి 100 కూడా మోగవు. ఒక్కటీ రాకపోవచ్చు. అలాగని ఎక్కడా ఏదీ చెడిపోలేదు, అంతా నియమం ప్రకారమే జరిగింది.

యాప్ కంపెనీ నోటిఫికేషన్‌ను నేరుగా ఫోన్‌కి పంపదు. ఫోన్‌లో ఉన్న ప్రతి యాప్ తన సర్వర్‌తో విడివిడిగా లైన్ పట్టుకుని కూర్చుంటే బ్యాటరీ ఎంతోసేపు నిలవదు. అందుకని ఫోన్ మొత్తానికి ఒకే లైన్ తెరిచి ఉంటుంది. ఐఫోన్‌లో అది ఆపిల్ 2009లో మొదలుపెట్టిన ఏపీఎన్ఎస్‌కి వెళ్తుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ప్లే సర్వీసెస్ ద్వారా గూగుల్ వారి ఎఫ్‌సీఎంకి వెళ్తుంది. యాప్ కంపెనీ తన సందేశాన్ని వీళ్లకి అప్పజెప్పాల్సిందే. అదీ ఎంతంటే అంత కుదరదు, రెండు చోట్లా మామూలు నోటిఫికేషన్‌కి పరిమితి 4 కేబీ. పెళ్లి ఫొటో అందులో పట్టదు. దాని లింకు మాత్రమే వస్తుంది, ఫొటోను ఫోన్ ఆ తర్వాత తెచ్చుకుంటుంది.

మరి కోట్ల ఫోన్లలో ఏది ఎవరిదో తెలిసేదెలా? ఫోన్ నంబరుతో ఇక్కడ పని లేదు. యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఆపిల్ లేదా గూగుల్ దానికొక పొడవాటి అక్షరాల వరుస ఇస్తుంది. దాన్నే టోకెన్ అంటారు. ఈ ఫోన్‌లోని ఈ యాప్‌కి మాత్రమే అది చిరునామా. యాప్ దాన్ని తన సర్వర్‌కి చేరవేస్తే, కంపెనీ దాచుకుంటుంది. యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటే కొత్త టోకెన్ పుడుతుంది, పాతది చచ్చిపోతుంది. ఆండ్రాయిడ్‌లో 270 రోజులు ఉలుకూ పలుకూ లేకపోతే ఆ టోకెన్‌కి కాలం చెల్లినట్టే. చచ్చిన టోకెన్‌కి ఏదైనా పంపితే గూగుల్ నుంచి `UNREGISTERED` అనీ, ఆపిల్ నుంచి 410 అనీ జవాబొస్తుంది. కస్టమర్ యాప్ తీసేశాడన్న కబురు కంపెనీలకి చాలాసార్లు ఇలాగే, కాస్త ఆలస్యంగా, తెలుస్తుంది.

టోకెన్ ఉన్నంత మాత్రాన తెరమీద కనబడే హక్కు రాదు. అనుమతి అడిగేది అందుకే. ఐఫోన్‌లో ఆ ప్రశ్న ఒక్కసారే వస్తుంది. వద్దంటే యాప్ మళ్లీ అడగలేదు, మనమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోవాలి. ఆండ్రాయిడ్‌లో 2022లో 13వ వెర్షన్ వచ్చేదాకా యాప్ వేసుకోవడమే ఒప్పుకోవడం. ఇప్పుడు అక్కడా అడగాలి, రెండుసార్లు వద్దంటే ప్రశ్న మళ్లీ రాదు. చాలా యాప్‌లు ముందుగా తమ సొంత పెట్టె చూపించి "ఆఫర్లు తెలుసుకుంటారా?" అని బతిమాలేది ఇందుకే. ఆ పెట్టెలో కాదంటే అసలు ప్రశ్న ఖర్చవదు. గడుసుతనమే!

ఇక డాలస్ ఫోన్ సంగతి. ఫోన్ అందుబాటులో లేకపోతే ఎఫ్‌సీఎం సందేశాలను దాచి ఉంచుతుంది, వేరే గడువు చెప్పకపోతే నాలుగు వారాల వరకు. కానీ ఒక యాప్‌కి విడివిడి సందేశాలు 100కి మించి పేరుకుంటే దాచినవన్నీ పారేస్తుంది. ఫోన్ లైన్‌లోకి రాగానే "కొన్ని పోయాయి" అన్న సూచన ఒక్కటే యాప్‌కి అందుతుంది. సరిగా రాసిన యాప్ వెంటనే తన సర్వర్‌కి వెళ్లి చాట్ అంతా తెచ్చుకుంటుంది. అందుకే మోగనిది నోటిఫికేషనే తప్ప సందేశం పోలేదు. ఆ ఏర్పాటు లేని యాప్ అయితే, మనిషి తెరిచి చూసేదాకా నిశ్శబ్దమే.

క్రికెట్ స్కోరు పంపేవాళ్లకి ఇంకో దారి ఉంది. సందేశాలన్నిటికీ ఒకే గుర్తు తగిలిస్తే కొత్తది వచ్చినప్పుడు పాతది తప్పుకుంటుంది. దిగినవాడికి 40 ఓవర్ల కథ అక్కర్లేదు, చివరి స్కోరు చాలు.

ఫోన్ ఆన్‌లో ఉన్నా ఆలస్యం తప్పకపోవచ్చు. కదలకుండా బల్లమీద పడున్న ఆండ్రాయిడ్ ఫోన్ నిద్రలోకి జారుకుంటే, మామూలు సందేశాలు అది మధ్యమధ్య మేలుకునేదాకా ఆగాలి. అత్యవసరం అన్న ముద్ర ఉన్నవే దాన్ని లేపుతాయి. ప్రతిదానికీ ఆ ముద్ర కొట్టి తెరమీద ఏమీ చూపించని యాప్‌ల సందేశాలను గూగుల్ మామూలు వరుసలోకి దించేస్తుంది. ఐఫోన్‌లో శబ్దం లేకుండా యాప్‌ని వెనక నుంచి లేపే సందేశాలు గంటకి రెండు మూడు మించొద్దని ఆపిల్ చెబుతుంది. మించితే కొన్నిటిని ఆపేయొచ్చు.

ఎక్కడ తేడా వచ్చిందో కొంతవరకు ఇంట్లోనే పట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఆఫీసు వైఫైలో ఉన్నంతసేపూ ఏదీ రాక, మొబైల్ డేటాకి మారగానే అన్నీ ఒక్కసారిగా మోగితే, ఆ వైఫై గూగుల్ లైన్ వాడే 5228 పోర్టును మూసి ఉండొచ్చు. అన్ని యాప్‌లూ బాగానే ఉండి ఒక్కటే మూగబోతే ముందు దాని అనుమతి చూడాలి. తర్వాత దాన్ని ఎప్పుడైనా సెట్టింగ్స్‌లో ఫోర్స్ స్టాప్ చేశారేమో గుర్తు తెచ్చుకోవాలి. అలా ఆపిన యాప్‌ని మళ్లీ చేత్తో తెరిచేదాకా ఎఫ్‌సీఎం సందేశాలేవీ దానికి అందవు.