స్లాబ్‌లో ఖాళీ ఉంటే ఇనుము ఎంత తగ్గుతుంది?

అపార్ట్‌మెంట్ స్లాబ్‌కు అంచనా వేసేటప్పుడు మెట్ల దగ్గర, లిఫ్ట్ దగ్గర వదిలే ఖాళీని తీసేయాలని అందరికీ తెలుసు. కాంక్రీటు విషయంలో అది మామూలు తీసివేతే. తేడా వచ్చేది ఇనుము దగ్గర. కాంక్రీటు తగ్గినంత నిష్పత్తిలో ఇనుమూ తగ్గుతుందనుకుంటే స్లాబ్ పోసే ముందు కడ్డీలు చాలవు.

12 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, 125 మిల్లీమీటర్ల మందం ఉన్న స్లాబ్‌ను తీసుకుందాం. బీములను పక్కన పెడితే మొత్తం 13.5 క్యూబిక్ మీటర్లు. మెట్ల గది 5 మీటర్లకు 2.5 మీటర్లు. దాన్నంతా ఖాళీగా తీసేయకూడదు. అంతస్తు మట్టంలో ఉండే 1.25 మీటర్ల ల్యాండింగ్‌ను స్లాబ్‌తో కలిపే పోస్తారు కాబట్టి అది స్లాబ్ లెక్కలోనే ఉండాలి, మెట్ల లెక్కలో మళ్లీ రాయకూడదు. అసలు ఖాళీ 3.75కు 2.5, అంటే 9.38 చదరపు మీటర్లు.

లిఫ్ట్ షాఫ్ట్ లోపలి కొలత 1.8 మీటర్లు, చుట్టూ 15 సెంటీమీటర్ల కాంక్రీటు గోడ. గోడ లెక్కలో స్లాబ్ మందాన్ని కూడా కలుపుకుని ఉంటే ఇక్కడ బయటి కొలతే తీసేయాలి: 2.1కి 2.1, అంటే 4.41 చదరపు మీటర్లు. గోడను స్లాబ్ అడుగు వరకే కొలిచి ఉంటే లోపలి కొలత సరిపోతుంది. రెండు ఖాళీలూ కలిపి 1.72 క్యూబిక్ మీటర్లు పోతే, స్లాబ్‌కు మిగిలేది 11.78. పైపుల కోసం వదిలే చిన్న రంధ్రాల జోలికి పోనక్కర్లేదు. ఐఎస్ 1200 ప్రకారం 0.1 చదరపు మీటరు వరకు తీసివేత లేదు.

ఇక ఇనుము. క్యూబిక్ మీటరుకు 80 కిలోలన్న వాడుక లెక్కన ఒక్క లిఫ్ట్ ఖాళీకే 44 కిలోలు తగ్గాలి. కడ్డీలను లెక్కపెడితే సంగతి వేరు. 8 మిల్లీమీటర్ల కడ్డీలు 150 మిల్లీమీటర్లకొకటి చొప్పున వేస్తే ఖాళీ మీదుగా వెళ్లేవి ఒక్కో వైపు 14, రెండు వైపులా 28. ప్రతి కడ్డీ చివరా గోడలోకి వంగి పట్టు కోసం 40 సెంటీమీటర్లు వెళ్తుందనుకుంటే, 2.1 మీటర్లలో మిగిలేది 1.3 మీటర్లే. 28 కడ్డీలకు 36.4 మీటర్లు. మీటరుకు 0.395 కిలోల చొప్పున 14.4 కిలోలు. ఖాళీ మూలల్లో కాంక్రీటు పగుళ్లివ్వకుండా ఏటవాలుగా వేసే కడ్డీలకు ఓ 5 కిలోలు పోతే, నికరంగా మిగిలేది తొమ్మిదిన్నర కిలోలకు దగ్గర.

అంచుకు గోడా బీమూ లేని చోట ఇదీ మిగలకపోవచ్చు. తెగిన కడ్డీలు మోయాల్సిన భారం పక్కవాటి మీద పడుతుంది. అందుకే తెగినంత ఇనుమును సగం ఒక పక్క, సగం మరో పక్క అదనంగా వేయడం ఆనవాయితీ. అవి ఖాళీ అంచును దాటి ఇరువైపులా పట్టు పొడవు మేరకు సాగాలి కాబట్టి బరువు ఒక్కోసారి పెరుగుతుంది కూడా. స్లాబ్ పోసే ముందు ఈ అంచు కడ్డీలనూ మూల కడ్డీలనూ డ్రాయింగ్‌తో సరిచూసుకోవాలి. కాంక్రీటు పడ్డాక అవి కనపడవు.